వాకింగ్ బూట్ నుంచి షూలోకి: చీలమండ విరిగినవారికి మూడు వారాల దారి

చీలమండ విరిగినప్పుడు కాలుకి పట్టీలతో బిగించే గట్టి వాకింగ్ బూటు వేస్తారు. కొన్ని వారాల తర్వాత ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఎముక అతికింది, ఇక బూటు తీసేసి మామూలు షూ వేసుకోండి" అంటారు. చెప్పడానికి ఒక్క మాటే. చేయడానికి మాత్రం రెండు మూడు వారాలు పడుతుంది. ఆ మాట విని ఇంటికి రాగానే బూటు అటక మీద పడేసినవాళ్లు మూడో రోజుకి వాచిన కాలుతో మళ్లీ దాన్ని దింపుకుంటారు. భయపడి నెలల తరబడి బూటులోనే ఉండిపోయినవాళ్లకి చీలమండ బిగుసుకుపోతుంది. ఈ రెండింటికీ మధ్య నడవడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాం. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇళ్లలో, బడుల్లో, బస్సుల్లో తిరిగేవాళ్లను దృష్టిలో పెట్టుకున్నాం.

ఇది ఒక రకం గాయానికి మాత్రమే. చీలమండ బయటివైపు గుబ్బలా కనిపించే ఎముక చిట్లి, కీలు పక్కకి జరగకుండా, ఆపరేషన్ లేకుండా సుమారు ఆరు వారాలు బూటులో ఉన్నవారి కోసం. నరం బాగా తెగేలా బెణికి బూటు వేయించుకున్నవారికి కూడా చాలావరకు ఇదే పద్ధతి. ప్లేటు, స్క్రూలు వేసిన కాలుకి, రెండువైపులా విరిగిన చీలమండకి లెక్కలు వేరు. మడమ వెనక లావు నరం తెగినవారికి బూటులో మడమ కింద మెట్లు మెట్లుగా ముక్కలు పెడతారు, వాటిని తీసే వరస డాక్టరే చెప్పాలి. షుగరుతో పాదాల్లో స్పర్శ తగ్గినవారు సొంతంగా బూటు విప్పకూడదు. వాళ్లకి నొప్పి అనే కాపలాదారు పనిచేయడు, ఎముక నలుగుతున్నా తెలియదు.

బూటు ఏ పనులు చేసిపెట్టింది?

బూటు మూడు పనులు చేస్తుంది. చీలమండని లంబకోణంలో కదలకుండా పట్టి ఉంచుతుంది. దాని అడుగుభాగం పడవలా వంపు తిరిగి ఉంటుంది కాబట్టి, అడుగు ముందుకు పడేటప్పుడు కీలు వంగాల్సిన పనిని ఆ వంపే చేసేస్తుంది. మూడోది, పాదం చుట్టూ పట్టీలు బిగించి వాపుని అదుపులో ఉంచుతుంది.

షూలోకి మారిన క్షణం నుంచి ఈ మూడు పనులూ మళ్లీ కాలు మీదే పడతాయి. ఆరు వారాలు ఖాళీగా ఉన్న పిక్క సన్నబడి ఉంటుంది, కీలు బిగుసుకుని ఉంటుంది. ఇన్ని పనులు ఒక్కరోజులో అప్పగిస్తే కాలు మొరాయిస్తుంది. అందుకే పనిని గంటల లెక్కన అప్పగిస్తాం. ఆలోగా బూటు చేసిన పనిలో కొంత మంచి షూ, కొంత చీలమండ చుట్టూ కట్టుకునే బ్రేసు, కొంత చేతికర్ర పంచుకుంటాయి.

ఇక్కడ మన ఇళ్లలో ఒక చిక్కుంది. ఈ విషయం మీద ఇచ్చే సలహాలు చాలావరకు ఇంట్లోనూ షూ వేసుకుని తిరిగేవాళ్ల కోసం రాసినవి. మనం గుమ్మం బయటే చెప్పులు విడుస్తాం. అంటే రోజులో ఎక్కువ నడిచే చోట, అంటే వంటగది, పెరడు, బాత్రూం, వీధి అరుగు, ఇక్కడంతా ఉత్తికాళ్లే. బూటు నుంచి షూకి మారుతున్నామనుకుంటూ నిజానికి బూటు నుంచి గచ్చు మీద ఉత్తికాళ్లకి మారుతుంటాం. చాలామందికి తేడా కొట్టేది ఇక్కడే.

మొదలుపెట్టే ముందు నాలుగు పరీక్షలు

మొదటిది, బూటు తీయవచ్చని డాక్టరు చెప్పి ఉండాలి. క్యాలెండర్లో ఆరు వారాలు నిండటం ఒక్కటే చాలదు.

రెండోది, బూటు వేసుకుని కర్ర లేకుండా ఇల్లంతా తిరగగలగాలి, నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకుంటే అది మూడు దాటకూడదు. బూటులోనే కుంటుతున్నవారు షూలో ఇంకా కుంటుతారు. ముందు అది సరిచేసుకోవాలి.

మూడోది, విరిగిన గుబ్బ ఎముక మీద బొటనవేలితో మెల్లగా నొక్కి చూడండి. కాస్త నలిగినట్టు ఉంటే ఫరవాలేదు. సూదితో పొడిచినట్టు ఒకే చోట కలుక్కుమంటే ఆగి డాక్టరుకి చూపించండి.

నాలుగోదానికి బరువు చూసుకునే మిషన్ కావాలి. మిషన్ పక్కన అంతే ఎత్తున్న పుస్తకాలో చెక్కో పెట్టి, దెబ్బ తగిలిన కాలు మిషన్ మీద, రెండో కాలు చెక్క మీద ఉంచి, బల్లనో గోడనో పట్టుకుని నిలబడండి. మెల్లగా దెబ్బకాలు వైపు ఒరగండి. మీ బరువులో సగం అంకె కనిపించేదాకా నొప్పి మూడు లోపలే ఉంటే షూ మొదలుపెట్టవచ్చు. 62 కిలోల మనిషికి మిషన్ మీద 31 కనబడాలి. 20 దగ్గరే ఆగిపోతే తొందరేం లేదు, ఇంకో మూడు నాలుగు రోజులు బూటులోనే ఉంటూ రోజూ రెండుసార్లు ఈ ఒరగడమే సాధన చేయండి.

ఇంకో రెండు కొలతలు ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. ముందుముందు పనికొచ్చేవి ఇవే. ఒకటి వాపు కొలత. టైలర్ టేపుతో రెండు గుబ్బలకీ కాస్త పైన చుట్టుకొలత తీయాలి, పొద్దున్న లేవగానే, రెండు కాళ్లకీ, రోజూ ఒకే చోట. రెండోది గోడ కొలత. గోడకి ఎదురుగా పాదం నేల మీద ఆనించి, మడమ లేవకుండా మోకాలు గోడకి తాకించాలి. తాకించగలిగినంత దూరంలో బొటనవేలికీ గోడకీ మధ్య ఎన్ని సెంటీమీటర్లున్నాయో చూడాలి. బాగున్న కాలుకి పది సెంటీమీటర్ల చుట్టుపక్కల రావచ్చు. బూటు విప్పిన కాలుకి రెండో మూడో వస్తే కంగారు పడకండి. కీలు ఎంత బిగుసుకుందో చెప్పే అంకె అది.

షూ కొనడం

షాపులో ముందు రంగు కాదు, మూడు చోట్ల చూడాలి. మడమ వెనక గోడని రెండు వేళ్లతో నొక్కండి. అది మెత్తగా లోపలికి పోతే ఆ షూ వద్దు. షూ ముందు కొసని, మడమని రెండు చేతులతో పట్టుకుని వంచండి. వేళ్లు మొదలయ్యే చోట మాత్రమే వంగాలి, మధ్యలో పుస్తకంలా మడత పడకూడదు. తర్వాత తడిబట్టలా మెలి తిప్పి చూడండి. తేలిగ్గా మెలి తిరిగిందంటే పాదాన్ని పక్కకి వాలకుండా ఆపలేదు. ఈ మూడూ నెగ్గిన మామూలు వాకింగ్ షూ అయినా చాలు, ఖరీదైన కంపెనీదే కానక్కర్లేదు.

మడమ అట్ట ముందుభాగం కంటే ఒక సెంటీమీటరు ఎత్తుంటే మొదటి నెలకి మేలు. కీలు వంగాల్సిన మేర తగ్గుతుంది. అడుగుభాగం పూర్తిగా చదునుగా ఉండే కాన్వాస్ షూ బిగుసుకున్న చీలమండకి కష్టం. లేసులో, వెల్క్రో పట్టీలో తప్పనిసరిగా ఉండాలి. సాయంత్రానికి వాపొస్తే వదులు చేసుకోవాలి కదా. కాలు దూర్చేసే రకాల్లో ఆ వీలుండదు.

సైజు విషయంలో మొహమాటం పనికిరాదు. సాయంత్రం వేళ, మేజోడు వేసుకుని, బ్రేసు వాడేవారైతే బ్రేసుతో సహా వెళ్లి కొలవాలి. పొడుగు వేలికి ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. చాలామందికి పాత సైజు కంటే ఒక నెంబరు పెద్దది పడుతుంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరో, విజయనగరం గంటస్తంభం దగ్గరో షాపులో పెద్ద సైజు అడిగితే, "ఏటమ్మా, కాలు సిన్నదే కదా" అంటారు. బ్రేసు తీసి చూపించండి, మాట్లాడకుండా తెచ్చిస్తారు. బాగున్న కాలుకి ఆ సైజు వదులైతే లోపల అదనపు అట్ట వేసుకోండి. పెద్ద కాలుకే కొలత, చిన్న కాలుకి సర్దుబాటు.

చీర కట్టుకునేవారికి షూ అంటే ఇబ్బంది. నలుగురూ చూస్తారని. ఇబ్బంది సంగతి అటుంచి, కుచ్చిళ్లు షూ కొనమీద పడి తొక్కుకోవడం నిజమైన ప్రమాదం. ఈ మూడు వారాలు చీర రెండంగుళాలు పైకి కట్టుకోవాలి, లేదా చుడీదార్.

ఇంట్లో ఏం వేసుకోవాలి?

ఇంటికోసం రెండో జత ఉండాలి. ఇదొక్కటి పాటిస్తే సగం గొడవ పోతుంది. వీధిలో అడుగుపెట్టని, దేవుడి గది గడప దాటని, ఇంట్లోకే ప్రత్యేకమైన జత. ఉతికి తుడిచిన పాత వాకింగ్ షూ అయినా సరే, మడమ వెనక పట్టీ, పైన రెండు వెల్క్రో పట్టీలు ఉండి అడుగు గట్టిగా ఉన్న శాండిల్ అయినా సరే. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే, అది చెప్పు కాదు, కట్టులాంటిదే అని చెప్పి చూడండి. కొత్త జత కొనితెస్తే ఎక్కువమంది ఊరుకుంటారు.

హవాయి చెప్పులు మాత్రం ఇంట్లోనూ వద్దు, బయటా వద్దు. వెనక పట్టీ లేని చెప్పు జారిపోకుండా ప్రతి అడుగులోనూ వేళ్లు ముడుచుకుని పట్టుకోవాలి. అలా పట్టుకుంటే పాదం బొటనవేలి మీదుగా దొర్లదు, పిక్క పనిచేయదు. పైగా తడి గచ్చు మీద మడమ పక్కకి జారితే మొదటిసారి విరిగిన తీరులోనే మళ్లీ మెలిపడుతుంది.

బాత్రూంలోకి వెళ్లాలంటే ఇంటి జతే, పోనీ వెనక పట్టీ ఉన్న రబ్బరు శాండిల్. స్నానం ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని చేయాలి. గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి ఉన్న ఇళ్లలో దానిమీద పెట్టుకునే కమోడ్ కుర్చీ తెచ్చుకోక తప్పదు. గొంతుక్కూర్చోవాలంటే చీలమండ పూర్తిగా వంగాలి. గోడ కొలత మూడు సెంటీమీటర్లున్న కాలు అలా వంగదు, మడమ లేచిపోయి మనిషి వెనక్కి పడతాడు.

గంటల లెక్క

మొదటి రెండు రోజులు: పొద్దున్న అరగంట, సాయంత్రం అరగంట ఇంటి జత వేసుకోండి. డాక్టరు బ్రేసు చెప్పి ఉంటే దానితో. సమతలంగా ఉన్న గదిలోనే తిరగాలి. మిగతా సమయమంతా బూటు. దెబ్బ తగిలిన కాలుకి అవతలివైపు చేతిలో కర్ర పట్టుకోవాలి. ఎడమకాలు దెబ్బతింటే కర్ర కుడిచేతిలో. చాలామంది దెబ్బకాలు వైపే పట్టుకుంటారు, దానివల్ల ఒళ్లంతా అటే ఒరిగి బరువు పెరుగుతుంది. చెయ్యి కిందకి వదిలితే మణికట్టు మడత దగ్గరికి కర్ర పిడి రావాలి.

మూడు, నాలుగు రోజులు: గంట చొప్పున మూడు విడతలు. ఆ తర్వాత కాలు ఒప్పుకుంటే రోజుకి ఒక గంట కలుపుకుంటూ పొండి. ఇల్లంతా షూలో తిరిగే రోజు సుమారు ఎనిమిది, పదో రోజుల మధ్య వస్తుంది. అప్పటిదాకా వీధిలోకి, సంతకి, బస్సుకి బూటే. రెండో వారం చివర్లో వీధి చివరిదాకా షూతో వెళ్లి రావడం మొదలవుతుంది. మూడో వారంలో పనిలోకి.

పెంచాలా ఆపాలా అన్నది మర్నాడు పొద్దున్న తేలుతుంది. షూలో ఉన్నప్పుడు నొప్పి మూడు దాటకూడదు. రాత్రి పడుకునే వేళకి కాస్త సలుపు ఉండవచ్చు, తెల్లారేసరికి అది పాత స్థాయికి రావాలి. పొద్దున్న కొలతలో వాపు అర సెంటీమీటరుకి మించి పెరిగినా, మొదటి అడుగులు నిన్నటికంటే కష్టంగా పడినా, రెండు రోజుల కింద ఎన్ని గంటలు వేసుకున్నారో అక్కడికి వెనక్కి వెళ్లి రెండు రోజులు ఆగాలి. పూర్తిగా బూటులోకి మళ్లీ దూరిపోకండి. సాయంత్రం వాపు వేరే సంగతి, అది మూడు నాలుగు నెలలైనా కనిపిస్తుంది. కాలు గుండెకంటే ఎత్తులో పెట్టి పడుకుంటే తగ్గే వాపుతో భయం లేదు.

షూతో గడిపే గంటలకి తోడు రోజూ రెండే వ్యాయామాలు చేయండి. ఒకటి గోడ కొలత తీసిన భంగిమే. మోకాలు గోడవైపు తీసుకెళ్లి, మడమ నేలమీదే ఉంచి 30 సెకన్లు ఆగాలి, మూడుసార్లు, పూటకోసారి. రెండోది మునివేళ్ల మీద లేవడం. వంటగది గట్టు పట్టుకుని రెండు కాళ్ల మీద పదిసార్లు, మూడు విడతలు. లేచేటప్పుడు బరువు బాగున్న కాలు మీదకి జారిపోతుంది, తలకాయ మధ్యలో ఉందో లేదో ఎదురుగా అద్దంలో చూసుకోవాలి.

నడకలో వచ్చే తప్పు

షూలో మొదటి వారం అందరూ చేసేది ఒకటే. దెబ్బకాలి పాదాన్ని బయటికి తిప్పి, పక్కనుంచి దాటేస్తారు. కీలు ముందుకు వంగడం లేదు కాబట్టి శరీరం వెతుక్కున్న అడ్డదారి అది. నొప్పి లేకుండా నడిపిస్తుంది కాబట్టి బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ అదే అలవాటైతే కీలు ఎప్పటికీ వంగడం నేర్చుకోదు, పాదం లోపలి అంచు, మోకాలి లోపలివైపు నొప్పి మొదలవుతాయి.

దీన్ని పట్టుకోవడం తేలిక. వరండాలో పది అడుగులు వేస్తుంటే వెనకనుంచి ఎవరిచేతనైనా ఫోన్లో వీడియో తీయించండి. రెండు పాదాలూ ఒకే కోణంలో ఉన్నాయా, రెండు అడుగుల చప్పుడూ ఒకే వ్యవధిలో వినిపిస్తోందా చూడండి. ఒకటి నిదానంగా, రెండోది హడావుడిగా పడుతుంటే బాగున్న కాలు త్వరగా దిగిపోతోందన్నమాట. దిద్దుకోవాలంటే పెద్ద అడుగులు వేయకూడదు. అడుగు చిన్నది చేసి, రెండూ సమానంగా వేసి, మడమతో మొదలుపెట్టి బొటనవేలితో వదలాలి. సమానమైన చిన్న అడుగులు వారంలో వాటంతటవే పొడుగవుతాయి. కుంటకుండా నడవగలిగేదాకా కర్ర వదలకండి. కర్రతో చక్కగా నడవడం కర్ర లేకుండా కుంటడంకంటే మంచిది.

గోడ కొలత అయిదు సెంటీమీటర్ల లోపు ఉండి నడక కుదరకపోతే రెండు షూలలోనూ మడమ కింద ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల గట్టి ముక్క వేయండి. మెత్తటి స్పాంజి కాదు. రోడ్డు పక్కన చెప్పులు కుట్టేవారి దగ్గర గట్టి రబ్బరు షీటు ఉంటుంది, ముందువైపు పలచబడేలా చెక్కి ఇమ్మంటే ఇస్తారు. ఒక కాలుకే వేస్తే నడుము వంకర తిరుగుతుంది, రెండిటికీ వేయాలి. కొలత పెరిగాక మూడు నాలుగు వారాల్లో తీసేయాలి.

నడుము అంటే గుర్తొచ్చింది. బూటు కాలుని రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తు చేస్తుంది, అందుకని ఆ రోజుల్లో రెండో కాలుకి దళసరి అట్ట వేసుకుని ఉంటారు. షూలోకి మారిన గంటల్లో ఆ దళసరి జత వేసుకోకూడదు. రెండు కాళ్లకీ ఒకే జత ఉండాలి. ఇది మరిచిపోయి "షూ పడట్లేదు, నడుం లాగేస్తోంది" అనేవాళ్లు చాలామంది.

ఒక ఉదాహరణ, రోజుల వారీగా

లెక్క ఎలా నడుస్తుందో చూడటానికి ఒక మనిషిని ఊహించుకుందాం. శ్రీకాకుళంలో ఉంటూ బస్సులో వెళ్లి నరసన్నపేట వైపు బడిలో పాఠాలు చెప్పే 46 ఏళ్ల టీచరమ్మ. బరువు 62 కిలోలు. వానలో తడిసిన మెట్టుమీద జారి ఎడమ చీలమండ బయటి గుబ్బ చిట్లింది. ఆరు వారాల బూటు తర్వాత డాక్టరు సరే అన్నారు. మిషన్ మీద 33 కిలోలదాకా నొప్పి రెండే. వాపు కొలత కుడికి 21.5, ఎడమకి 23 సెంటీమీటర్లు. గోడ కొలత కుడికి 10, ఎడమకి 3.

మొదటి నాలుగు రోజులు లెక్కప్రకారం సాగాయి. గోడ కొలత మూడే కాబట్టి రెండు షూలలోనూ మడమ ముక్కలు వేసుకుంది. అయిదో రోజు ఇంటికి చుట్టాలొచ్చారు. షూ బాగానే ఉందని రెండున్నర గంటలు ఒకేచోట నిలబడి వంట చేసింది. సాయంత్రం నొప్పి అయిదు, మర్నాడు పొద్దున్న ఎడమ కొలత 23.8.

ఇక్కడ తప్పు షూది కాదు, గంటల లెక్కదీ పూర్తిగా కాదు. కదలకుండా నిలబడటం నడకకంటే వాపు పెంచుతుంది. నడిచేటప్పుడు పిక్క పిండుతూ రక్తాన్ని పైకి తోస్తుంది, నిలబడితే ఆ పంపు ఆగిపోతుంది. అందుకే ఆమె మూడో రోజు లెక్కకి వెనక్కి వెళ్లింది, గంట చొప్పున మూడు విడతలు, రెండు రోజులపాటు. కూరగాయలు తరగడం, చపాతీలు ఒత్తడం కుర్చీలోకి మార్చుకుంది. ఎనిమిదో రోజు పొద్దున్న కొలత 23కి దిగింది, మళ్లీ రోజుకో గంట కలపడం మొదలైంది.

పదకొండో రోజుకి ఇల్లంతా షూలోనే. పన్నెండో రోజు వీధి చివరిదాకా షూ, బ్రేసు, కర్రతో పది నిమిషాల నడక. బయట దూరం పెంచేటప్పుడు ఆమె ఒక జాగ్రత్త పాటించింది: ఇంటినుంచి దూరంగా పోకుండా గుమ్మం ముందే అటూ ఇటూ తిరిగింది. మధ్యలో నొప్పి వస్తే తిరిగి రావడానికి అంతే దూరం నడవాల్సిన అవసరం ఉండదు.

పదహారో రోజున బడికి. అసలు పరీక్ష బస్సు మెట్టు. ఎక్కేటప్పుడు బాగున్న కుడికాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన ఎడమకాలు ముందు. ఎక్కేటప్పుడు ఒంటిని పైకి లేపేది ముందు పెట్టిన కాలు. దిగేటప్పుడు బరువుని మెల్లగా దించేది పైమెట్టు మీద మిగిలిన కాలు. రెండు పనులూ బలమున్న కాలివే. రద్దీగా ఉండే మొదటి బస్సు వదిలేసి తర్వాతది ఎక్కింది, నిలబడి ప్రయాణం చేయలేదు. మొదటి వారం బడిలో కూర్చుని పాఠం చెప్పింది, సాయంత్రం ఇంటికొచ్చాక కాలు ఎత్తు మీద పెట్టి అరగంట పడుకుంది. 21వ రోజుకి కొలతలు: వాపు 22.3, గోడ కొలత 6.5. బూటు అప్పటికి వారంగా అవసరం పడలేదు. గోడ కొలత ఇంకా తక్కువే కాబట్టి మెట్లు దిగేటప్పుడు రెయిలింగు వదలలేదు, మడమ ముక్కలూ తీయలేదు.

ఇబ్బంది ఎక్కడ, ఎందుకు

షూ పై అంచు గుబ్బ ఎముకకి రాసుకుని మంట పుట్టవచ్చు. వాపున్నప్పుడు గుబ్బ కిందుగా ఉన్నట్టు తగులుతుంది. మడమ అట్ట కొంచెం ఎత్తు చేస్తే కాలు పైకి లేచి రాపిడి పోతుంది. పై రంధ్రం లేసు వదిలేసినా సరిపోవచ్చు.

పొద్దున్న మంచం దిగగానే మడమ కింద మేకు గుచ్చినట్టు ఉంటే అది విరిగిన ఎముక నొప్పి కాదు, బిగుసుకున్న పిక్క పాదం అడుగు పట్టీని లాగుతోంది. మంచం దిగకముందే తువ్వాలు పాదం కింద వేసి రెండు కొసలూ తనవైపు 30 సెకన్లు లాగి, ఇంటి జత మంచం పక్కనే ఉంచుకుని దిగగానే వేసుకోవాలి.

ఇవి కాక మరికొన్ని ఉన్నాయి, వాటికి షూ సర్దుబాటు మందు కాదు. పిక్క ఒక్కటే వాచి, గట్టిపడి, నొక్కితే నొప్పి ఉంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, ఆరోజే ఆస్పత్రికి వెళ్లాలి. దానికి ఆయాసమో ఛాతీ నొప్పో తోడైతే క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. మెలిపడి టప్పుమని చప్పుడొచ్చి నాలుగడుగులు కూడా వేయలేకపోతే మళ్లీ ఎక్స్‌రే కావాలి. షుగరున్నవారి పాదం నొప్పి లేకుండానే ఎర్రగా, వేడిగా, వాచి కనిపిస్తే వెంటనే బరువు మోపడం ఆపి డాక్టరు దగ్గరికి పోవాలి. లోపల ఎముకలు నలుగుతున్నప్పుడు కూడా పాదం అలాగే ఉంటుంది.

బండి, గట్టు, గుడి

స్కూటీ నడిపేవారు డాక్టరుని విడిగా అడగాలి. కాలు అతికినా, అకస్మాత్తుగా ఆపి కాలు నేలమీద మోపగలగడం వేరే బలం. బూటు కాలితో మాత్రం బండి ముట్టుకోవద్దు. వెనక కూర్చునేవారు దిగేటప్పుడు బాగున్న కాలు మీద దిగేలా చూసుకోవాలి. ఒకవైపుకి కూర్చునే చీరలవారికి ఆ కాలు ఎటుందో ముందే లెక్క చూసుకోవాల్సిందే.

చేను గట్టు, గెడ్డ దాటడం, కంకర తేలిన రోడ్డు, వీటికి షూ ఒక్కటే చాలదు. ఎగుడుదిగుడు నేలమీద చీలమండ పక్కలకి ఒరుగుతుంది, ఆ ఒరుగుడుని ఆపాల్సిన కండరాలు ఇంకా నిద్రలోనే ఉంటాయి. దెబ్బకాలు ఒక్కదానిమీద గోడ పక్కన నిలబడి 30 సెకన్లు పట్టుకోకుండా ఆగగలిగే రోజుదాకా గట్టు ఎక్కవద్దు. ఎక్కిన రోజున బ్రేసు, కర్ర రెండూ ఉండాలి.

ఉత్తికాళ్ల నడక అన్నిటికంటే చివర. గుడికి వెళ్తే షూ విప్పక తప్పదు. అరసవల్లిలో అయినా, పైడితల్లి గుడిలో అయినా రద్దీ రోజున తోపులాట, తడిసిన బండలు, మధ్యాహ్నం అయితే కాలే రాయి. గాయమైన దగ్గర్నుంచి సుమారు మూడు నెలలు దాటి, గోడ కొలతలో రెండు కాళ్లకీ తేడా రెండు సెంటీమీటర్ల లోపుకి వచ్చి, ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడగలిగి, ఆ కాలు ఒక్కదాని మునివేళ్ల మీద పదిసార్లు లేవగలిగాక ఉత్తికాళ్లు మొదలుపెట్టవచ్చు. అది కూడా ముందు ఇంట్లో, రోజుకి పది నిమిషాలతో, షూ గంటలు పెంచిన పద్ధతిలోనే. ఈలోగా ఇంట్లోవాళ్లు వెళ్తే ప్రసాదం తెమ్మనండి. తప్పనిసరిగా వెళ్లాల్సివస్తే రద్దీ లేని రోజు, ఎండెక్కకముందు, ఒక మనిషి చెయ్యి పట్టుకుని వెళ్లి రండి.